19వ గేటు వార్త: నువ్వు రాసిన ఇంట్రో, పేపర్లో వచ్చిన ఇంట్రో

ఆగస్టు 18, 2024
అనంతపురం డెస్క్

తమ్ముడూ,

పోయిన సోమవారం పేపర్లో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన వార్త చూడగానే ఫోన్ చేశావు. నువ్వు పంపిన పాయింట్లన్నీ వార్తలో ఉన్నాయి, నీ ఇంట్రో మాత్రం ఒక్క ముక్కా మిగల్లేదని బాధపడ్డావు. అప్పుడు ఎడిషన్ టెన్షన్‌లో ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆ చోట బిగించిన తాత్కాలిక గేటు, అంటే స్టాప్‌లాగ్ గురించి ఇవాళ నువ్వు పంపిన కాపీ తెరిస్తే ఇంట్రో మళ్లీ అదే తీరులో ఉంది. అందుకే పేజీలు మొదలయ్యేలోపు కూర్చుని రాస్తున్నాను. రెండు కాపీలూ ముందు పెట్టుకుని చదువు.

11వ తేదీ ఆదివారం నువ్వు పంపిన ఇంట్రో ఇది:

"కర్ణాటక రాష్ట్రంలోని హోస్పేట సమీపంలో 1953లో పూర్తయి, 105 టీఎంసీల సామర్థ్యంతో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రైతాంగానికి సాగు, తాగునీరు అందిస్తున్న తుంగభద్ర జలాశయానికి ఉన్న 33 క్రస్ట్ గేట్లలో 19వ గేటు చైన్ లింకు తెగిపోయి ఈ నెల 10వ తేదీ శనివారం రాత్రి కొట్టుకుపోవడంతో ఆ ఒక్క గేటు నుంచే దాదాపు 35 వేల క్యూసెక్కుల నీరు దిగువకు ఉధృతంగా ప్రవహిస్తుండగా, డ్యాంపై ఒత్తిడి తగ్గించేందుకు అధికారులు మిగతా గేట్లను సైతం ఎత్తి నీటిని వదులుతున్న నేపథ్యంలో, మరమ్మతులు చేపట్టాలంటే 60 టీఎంసీలకు పైగా ఖాళీ చేయాల్సి ఉంటుందని అధికారులు పేర్కొనడంతో, హెచ్చెల్సీ కింద వరి సాగుకు సిద్ధమైన బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల రైతులు తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నారు."

ఇందులో తప్పు సమాచారం లేదు. ఇన్ని వివరాలు ఒక్క పూటలో సేకరించావంటే ఎంత తిరిగావో నాకు తెలుసు. డెస్క్‌లో అందరం ఆ మాటే అనుకున్నాం. కానీ ఇది 81 మాటల వాక్యం. లెక్కపెట్టాను. గేటు కొట్టుకుపోయిందన్న సంగతి 35వ మాట దగ్గర వచ్చింది. అంతదాకా పాఠకుడు డ్యాం ఎక్కడుంది, ఎప్పుడు కట్టారు, ఎన్ని రాష్ట్రాలకు నీళ్లిస్తుంది అన్నవన్నీ మోసుకుంటూ రావాలి. అవేవీ అతనికి కొత్త కాదు. బొమ్మనహాళ్ రైతుకు తుంగభద్ర డ్యాం ఎక్కడుందో మనం చెప్పాలా?

మన భాషలో క్రియ చివర వస్తుంది. ఏం జరిగిందో తెలియాలంటే వాక్యం పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. కాబట్టి ముందు ఎంత బరువు పెడితే పాఠకుడు అంత సేపు ఊపిరి బిగబట్టాలి. నీ వాక్యంలో ఆ చివర వచ్చిన క్రియ ఏమిటో చూడు. "ఆందోళన వ్యక్తం చేస్తున్నారు." డ్యాం గేటు కొట్టుకుపోయిన రోజున వాక్యంలో ముఖ్యమైన మాట అదే అయింది. అసలు సంగతి "కొట్టుకుపోవడంతో" అని మధ్యలో నలిగిపోయింది.

ఆ రోజు ఇంట్రోను ఇలా తిరగరాశాను:

"హోస్పేట, ఆగస్టు 11: తుంగభద్ర డ్యాం 19వ గేటు శనివారం రాత్రి కొట్టుకుపోయింది. గేటును పట్టి ఉంచే చైన్ లింకు తెగడంతో ఆ ఖాళీలోంచి నీళ్లు ఆగకుండా నదిలోకి పోతున్నాయి.

డ్యాం నిండి ఉన్న సమయంలో ఇది జరిగింది. కొత్త గేటు బిగించాలంటే ముందు నీటిమట్టం తగ్గాలి. అందుకు 60 టీఎంసీలకు పైగా వదలాల్సి వస్తుందని అధికారులు చెబుతున్నారు. డ్యాం సామర్థ్యం 105 టీఎంసీలు. అంటే ఖరీఫ్‌కు దాచుకున్న నీటిలో సగానికి పైగా నదిపాలవుతుంది.

ఆ ఒక్క గేటు నుంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు వెళ్తున్నాయి. డ్యాంపై ఒత్తిడి తగ్గించేందుకు మిగతా గేట్లనూ ఎత్తారు. మొత్తం 33 గేట్లున్న ఈ డ్యాంలో గేటు కొట్టుకుపోవడం 70 ఏళ్లలో ఇదే మొదటిసారి.

బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో హెచ్చెల్సీ కింద రైతులు వరినార్లు పోసుకుని ఉన్నారు. నాటు వేయాలా, ఆగాలా అన్నది వారికి తేలడం లేదు.

నదిలో ప్రవాహం పెరుగుతుండటంతో కర్నూలు జిల్లా కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో తుంగభద్ర ఒడ్డున ఉండేవారు అప్రమత్తంగా ఉండాలని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరించింది."

నీ పాయింట్లలో 1953 ఒక్కటే విడిగా కనపడదు, అది "70 ఏళ్లలో" అన్న మాటలో కలిసిపోయింది. హోస్పేట డేట్‌లైన్‌లోకి వెళ్లింది. మూడు రాష్ట్రాల సంగతి లోపల హెచ్చెల్సీ, ఎల్లెల్సీ, ఆర్డీఎస్ కాలువల ఆయకట్టు పేరాలో పెట్టాం. తెలంగాణలోని గద్వాల రైతు గురించి చెప్పే చోటు అదే. దేన్నీ కొట్టేయలేదు, ఒక్కొక్కదానికీ వంతు వచ్చేదాకా ఆపాం, అంతే.

సగానికి పైగా అన్న మాట నీ కాపీలో లేదు. 105 ఒక చోట, 60 ఇంకో చోట ఉన్నాయి. మధ్యలో నలభై మాటలకు పైగా ఉన్నాయి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చేరగానే వార్త ఎంత పెద్దదో కనపడింది. టీఎంసీ అంటే ఎంతో చాలామందికి అంచనా ఉండదు గానీ సగం పోతుందంటే టీ కొట్టు దగ్గర పేపర్ చదివేవాడికి, పక్కన కూర్చుని వినేవాడికి కూడా అర్థమవుతుంది. మన పేపర్‌ను ఇప్పటికీ ఒకరు పైకి చదువుతుంటే నలుగురు వింటారని మర్చిపోవద్దు. నీ వాక్యాన్ని ఒక్కసారి పైకి చదివి చూడు. "ఉధృతంగా ప్రవహిస్తుండగా" దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది.

నారుమడి సంగతి కూడా నీదే. "తీవ్ర ఆందోళన" అని రాశావని నేను ఫోన్ చేసి, నువ్వు ఎవర్ని చూశావని అడిగాను, గుర్తుందా? కణేకల్లు దగ్గర ఒక రైతు నారుమడి గట్టు మీద కూర్చుని ఉన్నాడని, నారు ముదిరితే పనికిరాదని, నాటేశాక నీళ్లు రాకపోతే పెట్టుబడీ పోతుందని చెప్పాడన్నావు. తమ్ముడూ, అదీ వార్త. నువ్వు కళ్లారా చూసి, చెవులారా విని వచ్చావు. రాసేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టి ప్రెస్‌నోట్‌లో ఉండే మాట తెచ్చుకున్నావు. నాకు బాధ కలిగింది అక్కడే.

నీ కాపీ వెనక్కి పంపినప్పుడు గంటలో ఇంకో ఇంట్రో పంపావు. "అర్ధరాత్రి పెద్ద శబ్దం.. ఏం జరిగిందో తెలియని అయోమయం.. రైతు గుండెల్లో గుబులు.." అని మొదలైంది. అదీ వద్దన్నాను. మొదటిదాంట్లో అన్నీ ఉండి ఏదీ కనపడలేదు, రెండోదాంట్లో అసలు ఏమీ లేదు. మూడు వాక్యాలు చదివినా అది డ్యాం గేటో, గ్యాస్ సిలిండరో తెలియదు. పైగా ఆ శబ్దం నువ్వు విన్నది కాదు, విన్నవాళ్లతో మాట్లాడిందీ లేదు. గేటు కొట్టుకుపోయింది అన్న రెండు మాటలకు మించిన గుబులు మనం కల్పించాల్సిన అవసరం లేదు.

ఇక ఇవాళ్టి కాపీ. నీ ఇంట్రో మొదటి సగం ఇదీ:

"ఈ నెల 10వ తేదీ రాత్రి కొట్టుకుపోయిన తుంగభద్ర జలాశయ 19వ గేటు స్థానంలో గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కలిగిన ఐదు స్టాప్‌లాగ్ ఎలిమెంట్లను అమర్చే ప్రక్రియ శుక్రవారం ప్రారంభమై శనివారం నాటికి విజయవంతంగా పూర్తయిన నేపథ్యంలో.."

దీన్ని ఇలా మార్చాను:

"తుంగభద్ర డ్యాంలో నీళ్లు ఆగాయి. 19వ గేటు కొట్టుకుపోయిన చోట తాత్కాలిక గేటు బిగించే పని శనివారం పూర్తయింది.

డ్యాంను ఖాళీ చేయకుండానే, నీళ్లు పారుతుండగానే ఈ పని చేశారు. గేటును ఒకే పలకగా కాకుండా ఐదు ముక్కలుగా తయారు చేయించి ఒకదానిపై ఒకటి దించారు. ఒక్కో ముక్క 60 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. శుక్రవారం మొదటి ముక్క కూర్చోగానే మిగతా పని మీద నమ్మకం కుదిరింది.

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి ఈ పని చేయించారు. నదిపాలవుతుందనుకున్న నీటిలో కొంత భాగం డ్యాంలోనే మిగిలింది."

"ప్రక్రియ", "విజయవంతంగా", "నేపథ్యంలో" మూడూ పోయాయి. వాటితో పోయిన సమాచారం ఏమీ లేదు. ఎలిమెంట్లు అన్న మాటను ముక్కలు చేశాను. ఇంజినీర్లు వేరే మాట వాడొచ్చు, చదివేవాడికి మాత్రం నాలుగేసి అడుగుల ముక్కలు ఐదు పేరిస్తే 20 అడుగుల గేటు అవుతుందని కళ్ల ముందు కనపడాలి. స్టాప్‌లాగ్ అన్న పేరు మూడో పేరా తర్వాత ఒకసారి చెబుదాం.

అయినా ఈ ఇంట్రో కూడా నాకు తృప్తిగా లేదు. బిగించడం పూర్తయిన సంగతి టీవీల్లో నిన్ననే అందరూ చూశారు. మన జిల్లా పేజీలో రేపు పొద్దున రావాల్సిన మొదటి వాక్యం వేరే ఉంది. అది నీ దగ్గరే దొరుకుతుంది. ఆ రోజు గట్టు మీద కూర్చున్న రైతు నాటు వేశాడా? ఇవాళ మన సరిహద్దు దగ్గర హెచ్చెల్సీలోకి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి? నీళ్లు ఎన్నాళ్లు ఇస్తామని కాలువ ఇంజినీర్లు రైతులకు చెబుతున్నారు? ఈ మూడూ తెలిస్తే నేను రాసింది రెండో పేరాకు దించేస్తాను. నీ వాక్యం పైన పెడతాను, నీ పేరుతోనే.

సాయంత్రం ఏడున్నర దాకా జిల్లా పేజీ పట్టుకుంటాను. కణేకల్లు వెళ్లేటప్పుడు హెల్మెట్ పెట్టుకో. టైప్ చేసే వీలు లేకపోతే ఫోన్‌లో చెప్పు, నేను రాసుకుంటాను. ఆ రైతు గురించి నాకు ఆ రోజు చెప్పినట్టే చెప్పు.

అక్క