విషయం: కంటైనర్ KVRU4172054, హౌస్ బీఎల్ NGBVTZ2509047, పోర్ట్ క్లాంగ్‌లో ఆగిపోయింది. అక్టోబర్ 9 ఓడకు ఖరారు కావాలి, జవాబు రేపు మధ్యాహ్నం 12 లోపు

2025 అక్టోబర్ 7, మంగళవారం

రవికుమార్ గారికి,
ఇంపోర్ట్ ఆపరేషన్స్

(కాపీ: మీ బ్రాంచ్ మేనేజర్ గారికి, మా కస్టమ్స్ బ్రోకర్‌కు)

నమస్కారమండీ.

మా పంపు విడిభాగాల కంటైనర్ సెప్టెంబర్ 20న పోర్ట్ క్లాంగ్‌లో దిగింది. ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని ఎక్కించుకోవాల్సిన ఓడలు రెండు వదిలేసి వెళ్లిపోయాయి. మూడోది ఎల్లుండి, అంటే అక్టోబర్ 9 గురువారం బయల్దేరుతోంది. ఈ మెయిల్ ఆ ఓడ గురించే. మా కంటైనర్ దాని లోడ్ లిస్టులో ఉందో లేదో రేపు, బుధవారం మధ్యాహ్నం 12 గంటల లోపు, లైన్ ఇచ్చిన జవాబుతో సహా మాకు తెలియాలి.

పాత మెయిళ్లు వెతుక్కోనక్కర్లేకుండా వివరాలన్నీ ఇక్కడే పెడుతున్నాను. ఇవి బీఎల్ కాపీ ముందు పెట్టుకుని ఎక్కించినవి, దయచేసి ఇక్కడి నుంచే కాపీ చేసుకోండి.

కంటైనర్: KVRU4172054, 20 అడుగులది, ఫుల్ లోడ్
సీల్: CN8841937
హౌస్ బీఎల్: NGBVTZ2509047
మాస్టర్ బీఎల్: 6073318452
మా పర్చేజ్ ఆర్డర్: 4500018263
సప్లయర్ ఇన్వాయిస్: YP-25-0831
సరుకు: పంపు విడిభాగాలు, హెచ్ఎస్ కోడ్ 8413.91, 14 పాలెట్లు
గ్రాస్ వెయిట్: 11,860 కిలోలు
వీజీఎం: 14,090 కిలోలు
షరతు: ఎఫ్ఓబీ నింగ్బో
దారి: నింగ్బో (CNNGB) నుంచి పోర్ట్ క్లాంగ్ (MYPKG) మీదుగా విశాఖపట్నం (INVTZ)
మొదటి ఓడ: NORTHERN LOTUS, వాయేజ్ 214S, నింగ్బోలో సెప్టెంబర్ 11న ఎక్కింది
తప్పిన ఓడలు: MIRA STRAIT 087W (సెప్టెంబర్ 25), KESTREL BAY 031W (అక్టోబర్ 2)
మేము అడుగుతున్న ఓడ: ALDER STRAIT 112W (అక్టోబర్ 9)

ఇక అసలు సంగతి. అక్టోబర్ 3న మీ ట్రాకింగ్ టీమ్ నుంచి వచ్చిన మెయిల్‌లో "ఈ కంటైనర్ లైన్ సిస్టమ్‌లో కనిపించడం లేదు, విచారిస్తున్నాం" అని ఉంది. అందులోనే కింద లైన్‌కు మీవాళ్లు పంపిన మెయిల్ కూడా ఉంది. దాంట్లో కంటైనర్ నంబర్ KVRU4172504 అని పడింది. మనది KVRU4172054. సున్నా, ఐదు తారుమారయ్యాయి. అసలు ఆ నంబరుతో కంటైనర్ ఉండే వీలే లేదు. కంటైనర్ నంబర్‌లో చివరి అంకె ముందున్న అక్షరాలు, అంకెల నుంచి లెక్కకట్టి వచ్చేది కదా. KVRU 417205కి ఆ లెక్క ప్రకారం 4 వస్తుంది, సరిపోయింది. KVRU 417250కి 0 రావాలి, 4 రాదు. అందుకే లైన్ వాళ్లకు ఏమీ కనిపించలేదు. నంబర్ తప్పని వాళ్లైనా తిరిగి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు, మనవైపు నుంచి మళ్లీ అడిగినవాళ్లూ లేరు. ఈలోగా వారం గడుస్తోంది.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది, సరైన కంటైనర్ నంబర్‌నూ మాస్టర్ బీఎల్ నంబర్‌నూ కలిపి పెట్టి, లైన్ ట్రాన్స్‌షిప్‌మెంట్ డెస్క్‌కు ఈ రోజే కొత్తగా రాయడం. పాత మెయిల్ మీదే రిప్లై కొడితే కింద ఉన్న తప్పు నంబర్ చూసి మళ్లీ అదే జవాబు ఇస్తారు. మాస్టర్ బీఎల్‌లో కన్సైనీ మీరే కాబట్టి మేము నేరుగా అడిగితే లైన్ వాళ్లు మాట్లాడరు. నిన్న వాళ్ల లోకల్ ఆఫీసుకు ఫోన్ చేసి చూశాను, "మీ ఫార్వర్డర్‌ను అడగమనండి" అన్నారు. వాళ్ల కోణంలో అది సబబే. అందుకే ఈ పని మీ చేతుల మీదుగానే జరగాలి.

రెండోది, బరువు గురించి. అదే మెయిల్‌లో "వెయిట్ మిస్‌మ్యాచ్ వల్ల హోల్డ్‌లో పెట్టి ఉండొచ్చు" అని ఒక ఊహ రాశారు. బీఎల్‌లో 11,860, వీజీఎంలో 14,090 చూసి ఎవరికైనా అలా అనిపించి ఉంటుంది. ఆ రెండూ వేర్వేరు బరువులు. మొదటిది సరుకు, ప్యాకింగ్ కలిపి. రెండోదాంట్లో ఖాళీ కంటైనర్ బరువు కూడా కలుస్తుంది. మన కంటైనర్ తలుపు మీద టేర్ 2,230 కిలోలు అని రాసి ఉంది. స్టఫింగ్ అయ్యాక సప్లయర్ తీసిన ఫోటోలో స్పష్టంగా కనిపిస్తోంది, జత చేస్తున్నాను. 11,860కి 2,230 కలిపితే సరిగ్గా 14,090. తేడా ఒక్క కిలో కూడా లేదు. లైన్ నిజంగానే బరువు కారణంగా ఆపి ఉంటే ఈ లెక్క, ఈ ఫోటో పంపితే అక్కడితో తేలిపోతుంది. ఆపింది దానికి కాకపోతే ఆ మాట మన మెయిళ్లలో ఇక రాకుండా చూడండి. ఊహగా రాసింది నాలుగు చేతులు మారేసరికి నిజమైపోతుంది, పైగా మా మేనేజ్‌మెంట్ అప్పుడే సప్లయర్‌ను నిలదీయమంటోంది.

మా వైపు నుంచి ఆగాల్సిన కారణం ఏదీ లేదు. ఒరిజినల్ బీఎల్ నింగ్బోలోనే సరెండర్ అయింది, మీ ఆఫీసు సెప్టెంబర్ 17న పంపిన టెలెక్స్ రిలీజ్ మెసేజ్ నా దగ్గర ఉంది. ఫ్రైట్ బిల్లు చెల్లించేశాం. ప్యాకింగ్ లిస్ట్, ఇన్వాయిస్, కేవైసీ అన్నీ మీకు చేరాయి. సరుకు ప్రమాదకరమైన కోవలోది కాదు. ఇంకేదైనా కాగితం కావాలంటే ఫలానాది అని పేరు చెప్పి అడగండి, గంటలో పంపిస్తాను. "డాక్యుమెంట్స్ పెండింగ్" అని ఊరికే రాస్తే ఏం పంపాలో నాకు తెలియదు.

ఇప్పుడు మేము అడిగేది.

ALDER STRAIT 112W లోడ్ లిస్టులో మా కంటైనర్ ఉంటే, లైన్ నుంచి వచ్చిన ఆ కన్ఫర్మేషన్‌ను యథాతథంగా ఫార్వర్డ్ చేయండి. ఓడ పేరు, వాయేజ్ నంబర్, విశాఖ ఈటీఏ అందులో ఉంటే చాలు. "ప్లాన్ చేశాం" అన్న మాట మాకు పనికిరాదు. KESTREL BAYకి కూడా ప్లాన్ అనే చెప్పారు. ఓడ పేరు ఖాయమైతే మా బ్రోకర్ బిల్ ఆఫ్ ఎంట్రీ ముందే వేసుకుంటారు. ఓడ మారిన ప్రతిసారీ సవరణ పెట్టించుకోవడం ఎంత తలనొప్పో మీకు చెప్పక్కర్లేదు.

లోడ్ లిస్టులో లేకపోతే, ఎందుకు లేదో లైన్ రాతపూర్వకంగా చెప్పాలి. జాగా లేకనా, హోల్డ్ ఉందా, ఉంటే ఎవరు పెట్టారు, ఏం చేస్తే తీస్తారు? జాగా సమస్యే అయితే, రెండు ఓడలు తప్పిన కంటైనర్‌కు ముందు వరుసలో చోటు ఇవ్వమని మీ కీ అకౌంట్ మేనేజర్ ద్వారా గట్టిగా అడిగించండి. మీ వాల్యూమ్‌కు లైన్ దగ్గర ఉన్న మాట మాకు ఉండదు.

12 గంటలే ఎందుకంటే, అప్పటికి పోర్ట్ క్లాంగ్‌లో మధ్యాహ్నం రెండున్నర. జవాబు మనకు వ్యతిరేకంగా వచ్చినా, అక్కడి ఆఫీసు మూసేలోపు మళ్లీ ఒకసారి ప్రయత్నించే వ్యవధి ఉంటుంది. సాయంత్రం తెలిస్తే ఆ ఓడ కూడా పోయినట్టే.

ఈ ఓడ మీద ఇంత పట్టు ఎందుకో కూడా చెబుతాను. మా కస్టమర్ ప్లాంట్ షట్‌డౌన్ అక్టోబర్ 22న మొదలవుతుంది. ALDER STRAIT షెడ్యూల్ ప్రకారం 15న విశాఖ చేరుతుంది. క్లియరెన్స్‌కు, రోడ్డు రవాణాకు రెండు మూడు రోజులు వేసుకున్నా 20 లోపు సరుకు సైట్‌లో ఉంటుంది. అదే 16వ తేదీ ఓడ అయితే ఇక్కడికి వచ్చేదే 22న. షట్‌డౌన్‌లో బిగించాల్సినవి అందులో రెండు పాలెట్ల ఇంపెల్లర్లు, మెకానికల్ సీల్స్. వాటిని మధ్య రేవులోనే దించుకుని విమానంలో తెప్పించమని మావాళ్లు అడిగారు. ట్రాన్స్‌షిప్‌మెంట్‌లో ఉన్న కంటైనర్ సీల్ తెంచి రెండు పాలెట్లు తీయడం ఈ వ్యవధిలో అయ్యే పని కాదని నేనే చెప్పాను. కాబట్టి మీరు దాని గురించి కొటేషన్ వెతకనక్కర్లేదు. ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని మా మెరైన్ ఇన్సూరెన్స్ ఇవ్వదు, ఆ భారం నేరుగా మా మీదే పడుతుంది.

ఒక జాగ్రత్త. తొందరలో కంటైనర్‌ను చెన్నైకో, మరో రేవుకో మార్పించే ఆలోచన వస్తే, మా రాతపూర్వక అంగీకారం లేకుండా లైన్‌కు ఆ రిక్వెస్ట్ పెట్టకండి. మార్పు ఛార్జీలు, మానిఫెస్ట్ సవరణ, అక్కడి నుంచి ట్రక్కు, ఇవన్నీ చూస్తే టైమ్ కలిసొస్తుందన్న నమ్మకం నాకు లేదు. మీకు ఉంటే తేదీలతో సహా రాయండి, చూద్దాం.

ఖర్చుల విషయం ఇప్పుడు పెద్దగా తవ్వను. పోర్ట్ క్లాంగ్‌లో ఆగినందుకు స్టోరేజీ అని గానీ, రోల్ఓవర్ పేరుతో గానీ మా బిల్లులో ఏదీ రాకూడదు, ఆపింది మేము కాదు కనుక. విశాఖలో ఫ్రీ డేస్ మీ కొటేషన్ VZ-Q-2508-116 ప్రకారం 14 రోజులు, ఓడ నుంచి దిగిన రోజు మొదలు. అది అలాగే ఉందని లైన్ దగ్గర ఒకసారి సరిచూడండి.

ఈ మెయిల్ అందగానే "చూశాను, సరైన నంబరుతో లైన్‌కు రాశాను" అని ఒక్క ముక్క రిప్లై ఇవ్వండి, నాకు కొంచెం టెన్షన్ తగ్గుతుంది. రేపు 12 వరకు నేను మీకు ఫోన్ చేసి విసిగించను. అప్పటికీ ఏమీ తెలియకపోతే బ్రాంచ్ మేనేజర్ గారితో మాట్లాడి, మిమ్మల్ని లైన్ వాళ్లతో ఒకే కాల్‌లో కూర్చోబెట్టమని అడుగుతాను. దాన్ని ఫిర్యాదుగా తీసుకోకండి, 9వ తేదీ ఓడకు మిగిలిన దారి అదొక్కటే.

జవాబు ఇదే సబ్జెక్ట్ లైన్ మీద ఇవ్వగలరు.

ఇట్లు,
శ్రీలత
దిగుమతుల విభాగం

జతచేసినవి: హౌస్ బీఎల్ కాపీ, టెలెక్స్ రిలీజ్ మెసేజ్, వీజీఎం పత్రం, కంటైనర్ తలుపు ఫోటో, అక్టోబర్ 3 నాటి మీ మెయిల్ (తప్పు నంబర్‌కు గుర్తు పెట్టి)