పరికల్పన పరీక్ష, p-విలువ: అది చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

స్లయిడ్ 1: ప్రయోగం (ఊహాజనిత డేటా)
50 మందిని యాదృచ్ఛికంగా 25 మంది చొప్పున రెండు గ్రూపులు చేశాం. ఒక గ్రూపు రాత్రంతా నిద్రపోయింది, ఇంకో గ్రూపు మేలుకుంది. పొద్దున 20 పదాలు చూపించి, అరగంట తర్వాత గుర్తున్నవి రాయమన్నాం.
- నిద్ర: సగటు 12.4
- మేలుకువ: సగటు 10.6
- రెండింటిలోనూ ప్రామాణిక విచలనం 3.0

1.8 పదాల తేడా నిద్ర వల్ల వచ్చిందా, ఎవరు ఏ గ్రూపులో పడ్డారన్న కాకతాళీయమా?

స్లయిడ్ 2: డేటా చూడకముందే రాసుకోవాల్సినవి
H0, అంటే రెండు గ్రూపుల అసలు సగటుల్లో తేడా లేదన్న ఊహ: μ1 = μ2. H1, అంటే తేడా ఉందన్న ఊహ: μ1 ≠ μ2. α, అంటే p ఎంతకన్నా తక్కువైతే H0ని తిరస్కరిస్తామో ఆ హద్దు = 0.05, రెండు వైపుల పరీక్ష.
ఫలితం చూశాక ఒకవైపు పరీక్షకు మారితే p సగమైపోతుంది. అది మోసమే.

స్లయిడ్ 3: లెక్క
ప్రామాణిక దోషం = 3.0 × √(2/25) = 0.85
t = 1.8 / 0.85 = 2.12, df = 50 − 2 = 48

```r
2 * pt(-2.12, df = 48)
```

p = 0.039. ఇది α కన్నా తక్కువ, కాబట్టి H0ని తిరస్కరిస్తాం; ఫలితం ‘సిగ్నిఫికెంట్’ అంటాం.

స్లయిడ్ 4: 0.039 అంటే?
H0 నిజమై, మోడల్‌లోని మిగతా షరతులన్నీ సరిగ్గా ఉంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ (ఏ దిశలోనైనా) కనిపించే సంభావ్యత. వాక్యం మొదట్లో ఉన్న ఆ ‘ఉంటే’ను పరీక్ష పేపర్లలో ఎక్కువమంది వదిలేస్తారు. మార్కులు పోయేది అక్కడే.

స్లయిడ్ 5: అన్నిటికన్నా మొండి అపోహ
“H0 నిజమయ్యే అవకాశం 3.9 శాతం.” తప్పు. p లెక్క H0 నిజమని అనుకునే మొదలవుతుంది. H0కి ఎంత అవకాశం ఉందో ఆ లెక్కలోంచి రాదు.

100 పరికల్పనలు పరీక్షిస్తున్నాం అనుకోండి. వాటిలో 10 చోట్లే నిజమైన ప్రభావం ఉంది. పవర్, అంటే నిజమైన ప్రభావం ఉంటే పరీక్ష దాన్ని పట్టే సంభావ్యత, 0.80; α 0.05.
- సరైన ‘సిగ్నిఫికెంట్’లు: 10 × 0.80 = 8
- తప్పుడువి: 90 × 0.05 = 4.5

సిగ్నిఫికెంట్ అని తేలిన 12.5లో 4.5 తప్పు. అంటే 5 శాతం కాదు, 36 శాతం.

స్లయిడ్ 6: మిగతా అపోహలు
- “p > 0.05, కాబట్టి ప్రభావం లేదు.” నమూనా చిన్నదై ఉండొచ్చు. d అంటే ప్రామాణిక విచలనంతో భాగించిన తేడా; d = 0.5ను 80 శాతం పవర్‌తో పట్టాలంటే గ్రూపుకి 64 మంది కావాలి.
- “p చిన్నది, కాబట్టి ప్రభావం పెద్దది.” గ్రూపుకి 10,000 మంది ఉంటే d = 0.04కి కూడా p సుమారు 0.005 వస్తుంది.
- “మళ్లీ చేస్తే 96 శాతం ఇదే ఫలితం.” 1 − p అలాంటిదేమీ చెప్పదు.

స్లయిడ్ 7: p ఎలా పాడవుతుంది
నిజమైన ప్రభావం ఒక్కటీ లేకపోయినా, 20 స్వతంత్ర పరీక్షలు చేస్తే కనీసం ఒకటి సిగ్నిఫికెంట్ అయ్యే అవకాశం 1 − 0.95²⁰ = 0.64. పదేసి మందిని చేర్చుకుంటూ, ప్రతిసారీ p చూసి, 0.05 దిగగానే ఆపేయడం కూడా ఇదే జబ్బు.

స్లయిడ్ 8: రిపోర్టులో రాసే వాక్యం
“నిద్రపోయిన గ్రూపు సగటున 1.8 పదాలు ఎక్కువ గుర్తుంచుకుంది, 95% CI [0.09, 3.51], t(48) = 2.12, p = .039, d = 0.60.”
CI, అంటే విశ్వాస అంతరం, ఎంత వెడల్పుగా ఉందో చూడండి: తేడా దాదాపు సున్నా కావచ్చు, మూడున్నర పదాలూ కావచ్చు.