మీ డాబా ఫోటో చూశాను, కవితా

కవితా,

డాబా మీద కూరగాయల తోట వేస్తానని నిన్న సాయంత్రం నాలుగున్నరకి నువ్వు మెట్ల గది గుమ్మంలోంచి తీసిన ఫోటో చూశాను. నైరుతి మూల నీళ్ళ ట్యాంకు ఉంది కదా, దాని నీడ దక్షిణం గోడ వెంబడి పడుతోంది. మిగతా డాబా అంతా ఎండే. పలకలు లెక్కపెట్టాను. అడుగు పలకలే అయితే పొడవు పన్నెండు, వెడల్పు తొమ్మిది. ఒకసారి టేపుతో కొలిచి చూడు.

కుండీలు కొనే ముందు సుద్దముక్కతో దారి గీయి. గుమ్మం నుంచి ట్యాంకు దాకా రెండడుగులు ఖాళీగా ఉండాలి. ట్యాంకు కడగడానికి మనిషి వస్తే నీ వంగ మొక్కల మీద నుంచి దూకకూడదు. పడమటి గోడ దగ్గర బట్టల తీగ ఉంది, ఆ వైపు ముట్టుకోకు. మీ అత్తయ్యగారు వడియాలు పెట్టుకునే చోటు కూడా అదే అనుకుంటా.

అసలు తోట తూర్పు గోడ పక్కన. పదిహేను అంగుళాల గ్రో బ్యాగులు ఆరు, వరసగా. రెండు టమాటా, రెండు వంగ, రెండు బెండ. ఏడోది కూడా పడుతుంది కానీ పెట్టకు. ఆగ్నేయ మూల వాననీళ్ళు పోయే తూము కనిపిస్తోంది, అక్కడ ఒక పలక ఖాళీగా వదిలెయ్. తడిసిన బ్యాగు ఒక్కోటి 35 కిలోల పైనే తూగుతుంది. అందుకే శ్లాబు నడిమధ్య కాకుండా గోడ వారనే ఉంచమంటున్నాను. కింద రెండేసి ఇటుకలు పెడితే నీళ్ళు నిలవవు, గచ్చు చెమ్మెక్కదు.

నువ్వు పందిరి ట్యాంకు దగ్గర వేస్తానన్నావు. వద్దు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, అప్పుడు ఆ పందిరి నీడ నీ మొక్కల మీదే పడుతుంది. మెట్ల గది గోడ ఉత్తరం వైపు ఉంది కాబట్టి తీగలు దానికే పాకించు. గుమ్మం పక్కన రెండు పెద్ద బకెట్లు, ఒక దాంట్లో బీర, ఇంకో దాంట్లో కాకర. పైకి నైలాన్ వల కట్టు. సొర మాత్రం ఆశపడకు, డాబా అంతా ఆక్రమిస్తుంది.

ట్యాంకు నీడలో ఎనిమిది అంగుళాల లోతు తొట్లు మూడు చాలు. పాలకూర, తోటకూర, మెంతి. కొత్తిమీర ఈ ఎండలకి మాడిపోతుంది, అక్టోబరులో చల్లుకో. గోంగూరకి ఎండ కావాలి, దాన్ని బెండ అయిపోయిన బ్యాగులో వేద్దాం. కరివేపాకు ఒకటి గుమ్మానికి అవతల మూల, పాత డ్రమ్ములో. వంట మధ్యలో పరిగెత్తి తెంపుకోవాలి కదా!

మట్టి ఒక్కటే నింపకు, బరువు. ఎర్రమట్టి ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు. బ్యాగుకి గుప్పెడు వేపపిండి.

బీర, కాకర గింజలు నా దగ్గర ఉన్నాయి. తొలకరి పడగానే మీ బాబాయితో పంపిస్తాను. ఈలోపు పొద్దున ఎనిమిదింటికి ఇంకో ఫోటో తీసి పెట్టు. తూర్పు గోడ నీడ బ్యాగుల మీద ఎంతసేపు ఉంటుందో చూడాలి.

మీ పిన్ని