నీలం చొక్కా

నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల వీడియో. పాత మినీ డీవీ టేపు నుంచి ఎక్కించింది, 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. అందులో ఒక మనిషిని తీసేయాలి, అంతే పని. ఆవిడ ఫోన్లో చెప్పింది కూడా అంతే. "మా నాన్న మాట్లాడుతున్న వీడియో ఇదొక్కటే ఉందండీ. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పాపకి చూపించాలి. కానీ వెనకాల నీలం చొక్కాలో ఉన్నతను ఉండకూడదు. ఒక్క సెకను కూడా కట్ చేయొద్దు, నాన్న మాట పోతుంది."

ఎవరతను అని నేనడగలేదు. ఇలాంటివి అడిగితే జనం అవసరానికి మించి చెప్తారు, ఆ తర్వాత పని సాగదు.

రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చున్నాను. అతను కనిపించేది 48 సెకన్లు, అంటే 1200 ఫ్రేములు. పెద్దాయన వరండాలో కుర్చీలో కూర్చుని ఏదో పాత సంగతి చెప్తూ తనే నవ్వుకుంటున్నారు, ఇతను వెనక కిటికీ చువ్వలకి ఆనుకుని నిలబడ్డాడు. అతని చుట్టూ గీత గీసి వేరుచేసే మాస్క్ గీయడం పెద్ద కష్టం కాదు, మనిషి కదలకపోతే పది ఫ్రేములకోసారి సరిచేస్తే చాలు, మధ్యలోవి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. కష్టమంతా అతన్ని తీసేశాక ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నదే. అతని వెనక గోడ ఎలా ఉందో కెమెరా ఎక్కడా చూసినట్టు లేదు మరి. కిటికీ చువ్వలు ఎన్నో తెలియదు, గోడ మీద మరకలున్నాయో లేదో తెలియదు.

పదకొండున్నర దాకా వెతికితే దొరికింది. 31వ సెకను దగ్గర పాప, అప్పటికి రెండేళ్ళుంటాయేమో, పరుగెత్తుకొచ్చి మెట్టు తగిలి పడుతుంది. పెద్దాయన ఉలిక్కిపడి "అల్లుడూ!" అంటారు. అతను కిటికీ వదిలేసి ముందుకొచ్చి వంగుతాడు. అదిగో అక్కడ, సుమారు 40 ఫ్రేముల పాటు, గోడ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. చువ్వలు ఏడు. ఒకటి వంగి ఉంది.

మిగతా వీడియో అంతటికీ ఆ గోడే వాడాను. కెమెరా చేతిలో పట్టుకుని తీశారు కాబట్టి ఊగుతుంది, ఆ ఊపుకి గోడ ముక్కని ట్రాక్ చేసి అతికించాలి, అంచులు మెత్తగా కలపాలి, పాత టేపుకుండే ఆ గరుకుని కొత్త ముక్కకీ పూయాలి, లేకపోతే స్టిక్కర్ అంటించినట్టు తెలిసిపోతుంది. ఒంటిగంటకి మనిషి పోయాడు. నేల మీద నీడ మిగిలిపోయిందని రెండింటికి గానీ చూసుకోలేదు. దానికింకో గంట.

ఇక మిగిలింది పాపని లేపే చోటు. అతన్ని తీసేస్తే పాప తనంతట తనే నేల మీంచి గాల్లోకి లేస్తుంది. ఒకసారి అలాగే ప్లే చేసి చూశాను, చూడలేకపోయాను. చివరికి ఆ మూడు సెకన్లూ పెద్దాయన ముఖం మీదికి జూమ్ చేశాను, ముఖం మసకబారినా సరే. ఆయన కళ్ళు కింద నుంచి మెల్లగా పైకి లేస్తాయి, భుజాలు దిగుతాయి, మళ్ళీ నవ్వుతారు. పాప అతని చేతుల్లోకి చేరిందన్న సంగతి మొత్తం ఆ ముఖంలోనే ఉంది. దాన్ని ఏ మాస్కూ చెరపదు, నేనూ ప్రయత్నించలేదు.

"అల్లుడూ" అన్న మాటని మాత్రం తీసేశాను. ఆ ఒక్క మాట మ్యూట్ చేసి, వరండా చప్పుడు కొంచెం వేరేచోటి నుంచి తెచ్చి నింపాను. పోయినాయన నోట్లోంచి ఒక మాట లాగేస్తున్నానని అనిపించింది గానీ, అప్పటికి నాలుగున్నర, నిద్ర ముంచుకొస్తోంది.

ఆరింటికి పంపాను. ఏడుకి ఆవిడ వాయిస్ మెసేజ్. "చాలా బాగా చేశారండీ, అసలు తెలియట్లేదు." గొంతు మామూలుగానే ఉంది. అరగంటకి ఇంకోటి, ఈసారి రాసి పంపింది: "పాప పడ్డప్పుడు నాన్న ఏదో అన్నారు, పెదాలు కదిలాయి, మాట రాలేదు. పాప నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసింది. తాతయ్య ఏమన్నాడని అడుగుతోంది."

నేను కాసేపు ఆగి, ఉన్నదున్నట్టు రాశాను. "అల్లుడూ అన్నారండీ. నేనే తీసేశాను."

జవాబు వెంటనే రాలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి ఉంది.

"మాట ఉంచండి. అది నాన్నది."

మ్యూట్ తీసి, మళ్ళీ రెండర్ పెట్టి, పడుకున్నాను.