ఆరు వారాల ప్లాన్: నైట్ డ్యూటీలు చేస్తూ నర్సింగ్ లైసెన్స్ పరీక్షకు

చెల్లీ, పరీక్షకు ఇంకా ఆరు వారాలుంది. వారానికి మూడు నైట్లు నీకు తప్పవు. అందుకే రోజుకు ఎనిమిది గంటలు చదవాలని రాసి నిన్ను టెన్షన్ పెట్టను. చేయగలిగినంతే రాస్తున్నాను, రాసినంత మాత్రం చెయ్యి.

ముందే ఒకటి చెప్తాను. ఫండమెంటల్స్ మొత్తం అయ్యాక లెక్కలు, లెక్కలయ్యాక ప్రయారిటీ ప్రశ్నలు అని వరసగా పెట్టుకోవద్దు. ప్రయారిటీ చివరికి మిగిలితే దానికి టైమ్ దొరకదు, మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే. లెక్కలు మొదటి రోజు నుంచి రోజూ, ప్రయారిటీ మూడో వారం నుంచి. ఫండమెంటల్స్ ఈ రెంటికీ ఆధారం కాబట్టి మొదటి రెండు వారాలు బరువంతా దాని మీదే.

వారం ఎలా గడవాలి

నైట్ ఉన్న రోజు: నిద్ర లేచాక 20 నిమిషాలు, పది లెక్కలు. అంతే, పుస్తకం తెరవకు.
నైట్ దిగిన రోజు: ముందు నిద్ర. సాయంత్రం ఓపిక ఉంటే 25 ప్రశ్నలు, లేకపోతే తప్పుల నోటుబుక్ ఒక్కసారి చదువు.
ఆఫ్ రోజులు: పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర. ఆఫ్‌లో ఒక పూట చదువు పెట్టుకోకు, అది నీ పూట.

1, 2 వారాలు: ఫండమెంటల్స్

మొదట ఇన్ఫెక్షన్ కంట్రోల్. ఏ జబ్బుకు ఏ జాగ్రత్త అన్నది కంఠతా రావాలి. టీబీ, తట్టు, ఆటలమ్మ గాలి ద్వారా వస్తాయి: ఎన్95 మాస్కు, నెగటివ్ ప్రెషర్ గది. ఆటలమ్మకు కాంటాక్ట్ జాగ్రత్తలు కూడా తోడవుతాయి. ఇన్‌ఫ్లుయెంజా, కోరింత దగ్గు, మెనింగోకాకల్ మెనింజైటిస్ తుంపర్లతో వస్తాయి. సి. డిఫిసిల్ విరేచనాలుంటే గౌను, గ్లవ్స్. చేతులకు సబ్బూ నీళ్లే, ఆల్కహాల్ రబ్ ఆ స్పోర్లను చంపదు. తొడుక్కునే వరస గౌను, మాస్కు, గాగుల్స్, గ్లవ్స్. తీసే వరస గ్లవ్స్, గాగుల్స్, గౌను, చివర్లో మాస్కు. అద్దం ముందు నిలబడి చేతులతో చేసి చూడు, చదివితే గుర్తుండదు.

తర్వాత రక్తం ఎక్కించడం. ఇద్దరు నర్సులు సరిచూడటం, మొదటి 15 నిమిషాలు పేషెంట్ దగ్గరే ఉండటం. చలి, వెన్నునొప్పి, ఆయాసం మొదలైతే ముందు రక్తం ఆపాలి. డాక్టర్‌కు ఫోన్, కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ ఆ తర్వాతే. "మొదట ఏం చేస్తావు" అని అడిగినప్పుడు ఫోన్ ఆప్షన్ మనల్ని బాగా లాగుతుంది, జాగ్రత్త.

మిగతావి త్వరగా అవుతాయి: పొజిషన్లు, పడిపోకుండా జాగ్రత్తలు, పుండ్లు పడకుండా పేషెంట్‌ను తిప్పడం, కాథెటర్ సంరక్షణ. పొట్ట పరీక్షలో మాత్రం చూడటం, వినడం, తట్టడం, చివర్లో నొక్కడం అనే వరస మరచిపోకు. సోడియం 135–145, పొటాషియం 3.5–5.0, పీహెచ్ 7.35–7.45 లాంటివి ఒక కార్డు మీద రాసి జేబులో పెట్టుకో. పొటాషియంను ఎప్పుడూ ఐవీ పుష్‌గా ఇవ్వరు. ఇది కార్డు మీద ఎర్ర ఇంకుతో రాయి.

లెక్కలు: ఆరు వారాలూ, రోజుకు పది

ఫార్ములాలు మూడే. కావలసిన డోసును చేతిలో ఉన్న డోసుతో భాగించి, ఆ డోసు ఎంత మందులో ఉందో దానితో గుణించడం ఒకటి. డ్రిప్ చుక్కలు రెండోది. కిలోల లెక్కన గంటకు ఎంత అన్నది మూడోది, నువ్వు తడబడేది అక్కడే. ఒకటి మొత్తం చేసి చూపిస్తాను.

పేషెంట్ బరువు 70 కిలోలు. డోపమైన్ కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాములు ఆర్డర్. బ్యాగులో 250 మి.లీ.లో 400 మి.గ్రా. ఉంది. పంపు గంటకు ఎంత?

```
నిమిషానికి: 5 × 70 = 350 మైక్రోగ్రాములు
గంటకు: 350 × 60 = 21,000 మైక్రోగ్రాములు
1 మి.లీ.లో: 400 ÷ 250 = 1.6 మి.గ్రా. = 1,600 మైక్రోగ్రాములు
పంపు: 21,000 ÷ 1,600 = 13.125 → గంటకు 13.1 మి.లీ.
```

తప్పు జరిగే చోట్లు రెండు: 60తో గుణించడం మరచిపోవడం, మిల్లీగ్రాములను మైక్రోగ్రాములుగా మార్చకపోవడం. అందుకే ప్రతి అంకె పక్కన యూనిట్ రాయి. రౌండింగ్ చివర్లో ఒక్కసారే. బరువు పౌండ్లలో ఇస్తే ముందు 2.2తో భాగించు. 0.5 అని సున్నాతో రాయి, 5.0 అని రాయకు. చుక్క కనపడకపోతే అది 50 అయిపోతుంది.

డ్రిప్‌కు ఒకటి: 1,000 మి.లీ. 8 గంటల్లో, మి.లీ.కి 20 చుక్కల సెట్. 1,000 × 20 ÷ 480 = 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. చుక్కను సగం చేయలేం, పూర్ణాంకమే రాయాలి. జవాబు వచ్చాక ఒక్క క్షణం ఆగి చూడు. ఒక డోసుకు పన్నెండు మాత్రలు అని వస్తే లెక్కలో తేడా ఉందని అర్థం.

లెక్కలయ్యాక రోజుకు ఒక మందు: డిగాక్సిన్‌కు ముందు గుండె దగ్గర పల్స్ నిండా నిమిషం, పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టర్‌కు చెప్పడం. హెపారిన్‌కు విరుగుడు ప్రొటమైన్, వార్ఫరిన్‌కు విటమిన్ కె, ఓపియాయిడ్లకు నాలాక్సోన్, మెగ్నీషియం సల్ఫేట్‌కు కాల్షియం గ్లూకోనేట్.

3, 4, 5 వారాలు: ప్రయారిటీ

ఆఫ్ రోజున 40 ప్రశ్నలు చాలు. కానీ వాటిని సరిచూడటానికి చేసినంత టైమ్ పెట్టు. ఇలాంటిది తీసుకో: నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి దగ్గరికి? సీఓపీడీతో ఆక్సిజన్ 90 శాతం ఉన్నాయన. ఆపరేషన్ అయిన రెండో రోజు నొప్పి 7 అంటున్నామె. షుగర్ 210 ఉన్నాయన. థైరాయిడ్ ఆపరేషన్ అయి ఆరు గంటలైన, ఊపిరి తీస్తుంటే గురగుర శబ్దం వస్తూ కట్టు బిగుసుకున్నట్టుందంటున్నామె.

జవాబు నాలుగో ఆమె. మెడలో రక్తం చేరితే గాలిదారి నిమిషాల్లో మూసుకుపోతుంది. సీఓపీడీ ఆయనకు 90 ఉండటం ఊహించదగ్గదే. నొప్పి, షుగర్ కాసేపు ఆగగలవు. "శ్వాస" అని కనపడగానే మొదటి ఆయన్ను ఎంచుకుంటే ప్రశ్న నిన్ను పట్టేసినట్టే. ఏబీసీ గుర్తుంటే చాలదు. ఇది కొత్తగా వచ్చిందా పాతదా, ఈ జబ్బులో ఉండేదేనా కాదా అని కూడా అడగాలి.

అంచనా ముందు, చర్య తర్వాత అన్నది సాధారణ నియమం. ప్రశ్నలోనే అంచనా అయిపోయి ప్రమాదం కనపడుతుంటే మళ్లీ బీపీ చూడటం జవాబు కాదు. పని అప్పగించే ప్రశ్నల్లో మొదటి అంచనా, బోధన, ఫలితం బేరీజు వేయడం నర్సు దగ్గరే ఉంచు. స్థిరంగా ఉన్నవాళ్ల వైటల్స్, స్నానం సహాయకురాలికి ఇవ్వొచ్చు.

తప్పుల నోటుబుక్‌లో సరైన జవాబు ఎత్తి రాయకు. ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యం: విషయం తెలియదు, ప్రశ్న సగమే చదివాను, రెండిట్లో తేల్చుకోలేకపోయాను. ఐదో వారంలో ఏ కారణం ఎక్కువగా వచ్చిందో చూసి, ఆ వారం దానికే ఇచ్చెయ్.

6వ వారం

మొదటి ఆఫ్ రోజున పూర్తి మాక్ పరీక్ష, అసలు పరీక్ష టైమ్‌కే కూర్చో. రెండో రోజు దాని తప్పులు. కొత్త పాఠం ఏదీ వద్దు. చివరి రెండు రాత్రులకు డ్యూటీ మార్పు ఇప్పుడే అడుగు, రోస్టర్ వేశాక అడిగితే దొరకదు. ముందు రోజు పది లెక్కలు, విలువల కార్డు, అంతే. హాల్‌టికెట్, గుర్తింపు కార్డు సంచిలో పెట్టేసి తొమ్మిదింటికి పడుకో.