అమ్మకు పడని మందుల పట్టిక

రోగి: మా అమ్మ, 66 ఏళ్లు, కావలి. బీపీ, షుగర్ ఉన్నాయి. వచ్చే నెల నెల్లూరులో కుడి మోకాలి ఆపరేషన్.
రాసింది: పెద్దకూతురు, 2026 జనవరి 11

డాక్టరు గారికి, నర్సు గారికి: కావలి, ఒంగోలు, నెల్లూరు చీటీలన్నీ ముందేసుకుని, అమ్మనూ నాన్ననూ పక్కన కూర్చోబెట్టుకుని ఇది రాశాను. పాత కాగితాల్లో తొమ్మిది చోట్ల అలర్జీ అని ఉంది. వాంతి అయినా అలర్జీయే, ఊపిరాడకపోయినా అలర్జీయే అని రాసి పెట్టారు. అందుకే విడదీశాను.

నిజమైన అలర్జీ: ఇవ్వకూడదు

డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, 2016. నడుము నొప్పికి ఊళ్లో వేయించుకుంది. ఇరవై నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచాయి, పిల్లికూతలు మొదలయ్యాయి. చేతివేళ్లు ఎంత ఉబ్బాయంటే ఉంగరం దారం చుట్టి తీయాల్సి వచ్చిందని నాన్న చెప్పారు. ఆటోలో కావలి తీసుకెళ్లారు, ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టారు.

ఐబుప్రొఫెన్, 2019. పంటి నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర. అందులో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ కూడా ఉందని స్ట్రిప్ చూశాకే తెలిసింది. గంటలో పెదవి వాపు, దద్దుర్లు. రెండు వేరువేరు మందులకూ ఒకేలా వచ్చింది కాబట్టి ఆస్పిరిన్, ఎసిక్లోఫెనాక్, కెటోరోలాక్ లాంటివి కూడా స్పెషలిస్టు తేల్చేదాకా వద్దు. పారాసిటమాల్ 650 ఎన్నోసార్లు వేసుకుంది, పడుతుంది. 2016 చీటీలో "అన్ని నొప్పి మందులూ అలర్జీ" అని ఎర్ర ఇంకుతో ఉంది. దయచేసి దాన్ని నమ్మకండి. 2018లో మణికట్టు విరిగినప్పుడు ఆ ఒక్క ముక్క చూసి పారాసిటమాల్ కూడా ఇవ్వలేదు, అమ్మ రాత్రంతా ఏడ్చింది.

కోట్రైమాక్సజోల్ (సల్ఫా యాంటీబయాటిక్), 2004, 2011. రెండుసార్లూ ఎడమ మోచేతి కింద అదే చోట గుండ్రని నల్ల మచ్చ, మంట. మచ్చ ఇప్పటికీ ఉంది, చూడొచ్చు. నోట్లో పుండ్లు, చర్మం ఊడటం లేవు. ఊపిరికి సంబంధించింది కాదు గానీ, ఈ మందు మళ్లీ ఇవ్వొద్దని చర్మం డాక్టరు గారు రాశారు.

సైడ్ ఎఫెక్ట్: అలర్జీ కాదు

ఎనలాప్రిల్, 2013: పొడి దగ్గు, రెండు నెలలు. ఆపిన మూడు వారాలకు తగ్గింది. పెదవి, నాలుక వాపు లేదు. ఇప్పుడు టెల్మిసార్టాన్ వాడుతోంది, ఇబ్బంది లేదు.
ఆమ్లోడిపిన్: పాదాల వాపు, దురద లేదు.
మెట్‌ఫార్మిన్: విరేచనాలు. నెమ్మదిగా కరిగే రకం అన్నం తిన్నాక వేసుకుంటే ఏమీ లేదు, రోజూ వాడుతోంది.
ట్రామడాల్, 2018: వాంతులు, కళ్లు తిరగడం. దద్దుర్లు లేవు. ఆపరేషన్ తర్వాత నొప్పికి అవసరమైతే వాంతి మందుతో, తక్కువ మోతాదులో ఇవ్వొచ్చా అన్నది మీ నిర్ణయం. నొప్పి మందుల్లో చాలా వాటికి తలుపులు మూసుకున్నాయి, ఇది కూడా మూసేస్తే అమ్మ కష్టపడుతుంది.

తేలాల్సింది: పెన్సిలిన్

ప్రతి ఫైలు మీదా "పెన్సిలిన్ పడదు" అని ఉంది. మూలం వెతికితే అమ్మమ్మ మాట ఒక్కటే: చిన్నప్పుడు సూది వేయగానే అమ్మ కళ్లు తిరిగి పడిపోయిందట. దద్దుర్లు, ఆయాసం వచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. సూది భయంతో పడిపోయి ఉండొచ్చు. కానీ 2021 నెల్లూరు డిశ్చార్జ్ సమ్మరీలో అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఐదు రోజులు ఇచ్చినట్టు ఉంది. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదే. ఆ ఐదు రోజులూ విరేచనాలు తప్ప ఏమీ లేదు. నాకైతే ఈ పేరు తీసేయాలనిపిస్తోంది, కానీ అది నేను చేసే పని కాదు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ దీన్నిబట్టి మారుతుందని విన్నాను, కాబట్టి మత్తు డాక్టరు గారు ఆ కాగితం చూసి తేల్చాలి. జిరాక్స్ వెనక పెట్టాను.

కొట్టేసినవి

పళ్ల డాక్టరు దగ్గర మత్తు సూదికి గుండె దడ: ఆ మందులో అడ్రినలిన్ ఉంది, దడ దానివల్లే అని ఆయనే చెప్పారు. వంకాయ, గోంగూర: పథ్యంలో మానేసినవి, ఇప్పుడు తింటోంది.

తమ్ముడికి, మరదలికి

కొత్తగా ఏదైనా పడకపోతే "అలర్జీ" అని మాత్రం రాయకండి. మందు పేరు, వేసుకున్న ఎంతసేపటికి, ఒంట్లో ఏమైంది, ఎలా తగ్గింది: ఈ నాలుగూ రాసి స్ట్రిప్ ఫోటో నాకు పంపండి. ఒక కాపీ నాన్న ఫోన్‌లో, ఒకటి అమ్మ సంచిలో, ఒకటి మన మెడికల్ షాపులో ఉన్నాయి. పెన్సిలిన్ సంగతి తేలిన రోజు మూడూ మార్చాలి.