అద్భుతాలు, సాక్ష్యం, నమ్మకం: మతతత్వశాస్త్ర వ్యాసానికి ప్రణాళిక

ప్రశ్న: "అద్భుతం జరిగిందని నమ్మడానికి ఇతరుల సాక్ష్యం ఎన్నటికీ చాలదు." హ్యూమ్ వాదాన్ని పరిశీలిస్తూ చర్చించండి. (ఎం.ఏ. రెండో సంవత్సరం, 2000 పదాలు)

నా వాదన: సాక్షులు ఒకరి మాట మీద ఒకరు ఆధారపడనప్పుడు సాక్ష్యం చాలవచ్చు. అప్పుడు కూడా దానివల్ల తేలేది ఒక అసాధారణ సంఘటన జరిగిందని మాత్రమే. అది దేవుడు చేసిందే అని తేల్చడానికి వేరే ఆధారాలు కావాలి. ఉపోద్ఘాతంలో చివరి వాక్యాలుగా ఇవే రావాలి.

ఉపోద్ఘాతం (200 పదాలు)

అద్భుతానికి పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇచ్చిన నిర్వచనంతో నేరుగా మొదలుపెట్టాలి: దైవ సంకల్పం వల్లనో, కంటికి కనపడని మరో కర్త జోక్యం వల్లనో జరిగిన ప్రకృతి నియమ ఉల్లంఘన. ఈ నిర్వచనంలో రెండు భాగాలున్నాయి. నియమం తప్పడం ఒకటి, దాని వెనక ఒక కర్త ఉండటం రెండోది. వ్యాసం మొత్తం ఈ విభజన మీదే నడుస్తుంది కాబట్టి ఇక్కడే దాన్ని ఎత్తి చూపాలి. మతాల చరిత్ర జోలికి పోకూడదు. హాలండ్ 1965లో నియమభంగం లేని అద్భుతాల గురించి రాశాడు, కానీ ఈ ప్రశ్నకు అది పక్కదారి. ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేయాలి.

1. హ్యూమ్ అసలు ఏమన్నాడు (350 పదాలు)

మానవ అవగాహన మీద 1748లో వెలువడిన గ్రంథంలో పదో ప్రకరణం, మొదటి భాగం. వివేకి తన నమ్మకాన్ని ఆధారం ఎంత ఉంటే అంతకే పరిమితం చేసుకుంటాడు. ప్రకృతి నియమం వెనక మార్పులేని అనుభవం ఉంటుంది. సాక్ష్యం మీద మనకున్న భరోసా కూడా అనుభవం నుంచి వచ్చిందే, కానీ అది అప్పుడప్పుడు వమ్మవుతూనే ఉంటుంది. అందువల్ల అతని సూత్రం: సాక్ష్యం అబద్ధం కావడమే అది చెప్పే సంఘటన కంటే పెద్ద వింత అయితే తప్ప ఆ సాక్ష్యం చాలదు.

రెండో భాగంలోని నాలుగు కారణాలను (చదువు, నిజాయితీ ఉన్న సాక్షులు తగినంతమంది లేకపోవడం, వింతల మీద మోజు, "అనాగరిక" జాతుల్లోనే ఇలాంటి కథలు ఎక్కువని చెప్పడం, ఒక మతం అద్భుతం మరో మతం అద్భుతాన్ని కొట్టేయడం) మూడు వాక్యాలకు మించనివ్వకూడదు. చాలామంది వ్యాసాలు ఇక్కడే జాబితాలా మారి చచ్చుబడతాయి.

తప్పక రాయాల్సింది: ప్రశ్నలోని "ఎన్నటికీ" హ్యూమ్ మాట కాదు. 1600 జనవరి 1 నుంచి ఎనిమిది రోజులు భూమంతా చీకటి కమ్మిందని అన్ని దేశాల రచయితలూ ఏకకంఠంతో చెబితే నమ్మి కారణం వెతకాలని అతనే ఒప్పుకున్నాడు. అదే తేదీన ఎలిజబెత్ రాణి చనిపోయి, నెల తరువాత తిరిగొచ్చిందని చరిత్రకారులంతా రాసినా నమ్మనన్నాడు. మొదటిదానికి ప్రకృతిలో పోలికలు దొరుకుతాయి, రెండోదానికి దొరకవు అన్నది అతని లెక్క. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే అతని వాదం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

2. తడబాటు ఎక్కడ (300 పదాలు)

ప్యారిస్ లోని సెయింట్ మెదార్ శ్మశానం. కాథలిక్కుల్లోని జాన్సెనిస్టు వర్గానికి చెందిన ఫ్రాన్స్వా ద పారిస్ 1727లో చనిపోయాక ఆయన సమాధి దగ్గర రోగాలు నయమయ్యాయని ప్రచారం సాగింది. 1732లో రాజాజ్ఞతో శ్మశానం మూసేశారు. ఈ సంఘటనలకు సాక్షులు పరువున్నవాళ్లని, విచారణ జరిపినవాళ్లు నిజాయితీపరులని, కాలం చదువున్న కాలమని హ్యూమే రాశాడు. అంటే తాను పెట్టిన షరతులు చాలావరకు నెరవేరినట్టే. అయినా తోసిపుచ్చాడు. కారణం? అవి అద్భుతాలు కావడమే.

ఇక్కడ గట్టిగా నిలదీయాలి. షరతులు తీరినా జవాబు మారనప్పుడు రెండో భాగం చేస్తున్న పని ఏమిటి? మంచుగడ్డను ఎన్నడూ చూడని రాజకుమారుడు నీళ్లు గట్టిపడతాయంటే నమ్మకపోవడం సబబేనని హ్యూమ్ అంటాడు. ఆ నియమం పాటించినవాడు ఒక నిజాన్నే తోసేశాడని గుర్తుచేయాలి. హ్యూమ్ పక్షాన జవాబు కూడా రాయాలి: అక్కడ మొదట సందేహించడమే సబబన్నాడు గానీ, గట్టి సాక్ష్యం వచ్చినా నమ్మకూడదని అనలేదు. ఈ జవాబు న్యాయమైనదే. కానీ సెయింట్ మెదార్ విషయంలో అది అక్కరకు రాదు.

3. లెక్క వేసి చూస్తే (550 పదాలు, వ్యాసానికి గుండెకాయ)

రిచర్డ్ ప్రైస్ 1767లో ఇచ్చిన జవాబుతో మొదలు. పది లక్షల టికెట్ల లాటరీలో ఫలానా నంబరు గెలిచిందని పత్రిక రాస్తే నమ్ముతాం. పది లక్షల్లో ఒక వంతు మాత్రమే అవకాశమున్న సంగతి ఒక్క సాధారణ సాక్ష్యంతో నమ్మదగినది అయిపోయింది.

దీన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోకూడదు. పత్రిక పొరబడినా ఆ పొరపాటు మిగతా లక్షల నంబర్లలో దేని మీదైనా పడవచ్చు, సరిగ్గా ఈ నంబరు మీదే పడే అవకాశం చాలా తక్కువ. అందుకే నమ్ముతాం. అదే విలేఖరి తన సొంత టికెట్ నంబరే గెలిచిందని రాస్తే అనుమానం వెంటనే తిరిగొస్తుంది. అద్భుత సాక్ష్యాలు ఎక్కువగా ఈ రెండో రకానివి: చెప్పేవారికి కావలసిన సంగతే చెప్పబడుతుంది.

ఆ తరువాత అంకెలు, ఒక్కొక్క మెట్టూ చూపుతూ. సంఘటన ముందస్తు సంభావ్యత పది లక్షల్లో ఒకటి అనుకుందాం. సాక్షి జరిగినదాన్ని జరిగిందని 99 శాతం చెబుతాడు, జరగనిదాన్ని జరిగిందని 1 శాతం చెబుతాడు. ఒక్కో సాక్షితో, జరిగిన అవకాశానికీ జరగని అవకాశానికీ మధ్య నిష్పత్తి 99 రెట్లు పెరుగుతుంది. ఒక్కడే చెబితే నిజమయ్యే అవకాశం దాదాపు పదివేలలో ఒకటి. ఇక్కడ హ్యూమ్ గెలిచాడు. ముగ్గురైతే దాదాపు 49 శాతం. నాలుగో మనిషి వచ్చేసరికి దాదాపు 99 శాతం. బాబేజ్ 1837లో చూపించింది ఇదే: ముందస్తు సంభావ్యత ఎంత తక్కువైనా, సున్నా కానంతవరకు, తగినంతమంది స్వతంత్ర సాక్షులు దాన్ని దాటగలరు. ఇయర్‌మన్ 2000లో హ్యూమ్ మీద చేసిన దాడికి బలం కూడా ఈ కోవలోదే.

కానీ గుణించడానికి వీలిచ్చింది సాక్షుల స్వాతంత్ర్యం. నలుగురూ ఒకే మనిషి దగ్గర విన్నవాళ్లయితే ఆ నలుగురు ఒక్కరితో సమానం. ఒకే గుంపులో, ఒకే ఉద్వేగంలో ఉండి చూసినవాళ్ల సంగతీ ఇంచుమించు అంతే. సాక్షులు ఎందరన్నది పెద్ద అక్షరాలతో చెప్పి, వాళ్లకు ఆ సంగతి ఎలా తెలిసిందన్నది దాటేయడం అద్భుత కథల్లో తరచుగా కనిపించే లోపం. నా వ్యాసం పట్టుబట్టాల్సింది దీని మీద. హ్యూమ్ సూత్రం తలుపు మూసేయదు, కానీ లోపలికి రావాలంటే ఏం చూపాలో అడుగుతుంది.

4. ఆప్తవాక్యం (250 పదాలు)

సాక్ష్యానికి బలం మన సొంత అనుభవం నుంచే వస్తుందన్న హ్యూమ్ మెట్టును ప్రశ్నించాలి. న్యాయ దర్శనం శబ్దాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను, జ్ఞానానికి వేరే ప్రమాణంగా నిలబెట్టింది. గౌతముడి సూత్రం ప్రకారం ఆప్తుడి ఉపదేశమే శబ్దం. వైశేషికులు దాన్ని అనుమానంలో, అంటే గుర్తులను బట్టి తర్కించి తేల్చుకునే ప్రమాణంలో, కలిపేశారు, చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు. వాత్స్యాయనుడి వివరణ ఇక్కడ బంగారం: విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలనుకునేవాడు ఆప్తుడు, ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమే. హ్యూమ్ మూడో కారణం సాక్షి ఏ జాతివాడో చూసి తూకం వేస్తుంది. వాత్స్యాయనుడు అతనికి ఏం తెలుసు, ఎందుకు చెబుతున్నాడు అని మాత్రమే అడుగుతాడు. ఈ విషయంలో నేను పూర్తిగా వాత్స్యాయనుడి పక్షం, ఆ మాట దాచకుండా రాయాలి.

అభ్యంతరం: ఆప్తుడని ముందే ఎలా తెలుస్తుంది? అది తేల్చడానికి మళ్లీ అనుభవమే కావాలి కదా. ఇది బలమైన అభ్యంతరమే. భాషతో సహా మనం నేర్చుకున్న దాదాపు అంతా ఇతరుల మాటను ముందు నమ్మే నేర్చుకున్నామన్న రీడ్ (1764) తరహా జవాబును ఆరేడు వాక్యాల్లో ఇవ్వాలి.

5. సంఘటన నుంచి దేవుడికి, ముగింపు (350 పదాలు)

నలుగురు స్వతంత్ర సాక్షులు చూసింది చనిపోయిన మనిషి లేచి నిలబడటాన్ని అనుకుందాం. లేపినవాడి సంకల్పాన్ని ఎవరూ చూడలేదు. ఉపోద్ఘాతంలో విడదీసిన రెండో భాగం ఇక్కడ పనికొస్తుంది. స్విన్‌బర్న్ చెప్పినట్టు నియమానికి పునరావృతం కాని ప్రతికూల సంఘటన ఉండవచ్చని ఒప్పుకున్నా, దైవం ఉండే అవకాశాన్ని ఇతర కారణాలతో ముందే కొంత ఒప్పుకున్నవారికే అది దైవకార్యంగా తోస్తుంది. అందుకే ఒకే సాక్ష్యం ముందు ఆస్తికుడు, నాస్తికుడు వేర్వేరు నిర్ణయాలకు వచ్చినా ఇద్దరూ హేతుబద్ధులే కావచ్చు. ఇది అంతా సాపేక్షమేనన్న వాదన కాదు, ముందస్తు సంభావ్యతలు వేరుగా ఉండటం వల్ల వచ్చే తేడా అని స్పష్టంగా చెప్పాలి.

ముగింపులో ప్రశ్నకు సూటిగా "కాదు, కానీ" అని జవాబివ్వాలి. ఆ తరువాత తేలకుండా మిగిలిన సంగతి ఒకటి: కళ్లారా చూసినవాడి స్థితి. అతను ఆధారపడేది సాక్ష్యం మీద కాదు, ప్రత్యక్షం మీద. అతనికి సబబైన నమ్మకం అతని మాట విన్నవాడికి సబబు కాకపోవచ్చు. అలాంటప్పుడు విన్నవాడు అతన్ని అబద్ధాలకోరని అనాల్సిన పనిలేదన్న వాక్యంతో ఆపాలి.